ఇనారికి ఏ బండి ఎక్కాలి?

క్యోటో నగరానికి వెళ్ళినవాళ్ళు తప్పకుండా చూడాలనుకునే చోట్లలో ఫుషిమి ఇనారి మందిరం ఒకటి. ఎర్రని సిందూరపు రంగు తోరణాలు వేల సంఖ్యలో కొండ మీదిదాకా వరసగా నిలబెట్టి ఉంటాయి. మందిరం ముఖద్వారానికి ఎదురుగానే ఇనారి అనే చిన్న రైల్వే స్టేషను. క్యోటో పెద్ద స్టేషను నుంచి నారా లైనులో అది రెండో స్టేషను, అయిదు నిమిషాల ప్రయాణం. ఇంత దగ్గర చోటికి దారి తప్పడం ఎలా సాధ్యమనిపిస్తుంది. కానీ కొత్తగా వచ్చినవాళ్ళు సరైన లైను, సరైన ప్లాట్‌ఫారం, సరైన దిక్కు చూసుకునే బండి ఎక్కుతారు. ఆ బండి ఇనారిలో ఆగకుండా కిటికీలోంచి తోరణాలవైపు జనాన్ని చూపించి ముందుకు పోతుంది.

వాళ్ళు చదవకుండా వదిలేసింది ఒక్క మాట. బోర్డు మీద ఆ మాట ఉంది, ఇంగ్లీషులో కూడా ఉంది. దాన్ని ఎందుకు చదవాలో ఎవరూ చెప్పి ఉండరు. జపాన్ రైల్వే స్టేషన్లలో వందల మాటలు కనిపిస్తాయి, అన్నీ నేర్చుకోనక్కర్లేదు. బండిని నిర్ణయించే మాటలు కొన్నే. క్యోటో నుంచి ఇనారి వెళ్ళడమనే ఈ చిన్న ప్రయాణంలోనే వాటిలో చాలావరకు ఎదురవుతాయి కనుక ఇక్కడి నుంచే మొదలుపెడదాం.

క్యోటో స్టేషనులో నారా లైను బళ్ళు 8, 9, 10 నంబర్ల నుంచి బయలుదేరతాయి. ఆ వైపు నడుస్తుంటే తల మీద వేలాడే బోర్డుల్లో నంబరు పక్కన のりば అని ఉంటుంది. నొరిబా అని పలకాలి, బండి ఎక్కే చోటు అని అర్థం. టోక్యోలో ఇదే పనికి 番線, అంటే బాన్‌సెన్ అని రాస్తారు. రెంటిలో ఏది కనిపించినా ముందున్న అంకె ప్లాట్‌ఫారం నంబరే. ఆ పక్కనే లైను పేరు, తర్వాత 奈良方面 అని ఉండవచ్చు. మొదటి రెండక్షరాలు నారా, తర్వాతి రెండూ హోమెన్. నారా వైపు అని అర్థం. ఇది దిక్కు మాత్రమే చెబుతుంది. ఆ ప్లాట్‌ఫారం మీదికి వచ్చే ప్రతి బండీ నారా దాకా పోతుందని గానీ, దారిలో ప్రతి స్టేషనులో ఆగుతుందని గానీ చెప్పదు.

ఆ రెండు సంగతులూ చెప్పేది ప్లాట్‌ఫారం మీది ఎలక్ట్రానిక్ బోర్డు. అందులో ఒక్కో బండికి ఒక్కో వరస. వరసలో బండి రకం, బయలుదేరే సమయం, చివరి స్టేషను, ఎక్కే చోటు ఉంటాయి. మధ్యాహ్నం వేళ నారా లైను బోర్డు మీద ఇలా మూడు వరసలు కనిపించాయనుకోండి: みやこ路快速 奈良, 普通 城陽, 普通 奈良. మొదటిది నారా దాకా పోయే మియాకోజి కైసొకు. రెండోది జోయో అనే మధ్య ఊరి దాకా పోయే ఫుత్సూ. మూడోది నారా దాకా పోయే ఫుత్సూ. ఇనారి అన్న పేరు మూడు వరసల్లో ఎక్కడా లేదు. ఉండదు కూడా, ఎందుకంటే అక్కడితో ప్రయాణం ముగించే బళ్ళు మామూలుగా ఉండవు.

కొత్తవాళ్ళు సాధారణంగా చివరి స్టేషను పేరు పట్టుకుంటారు. ఇనారి నారా వెళ్ళే దారిలో ఉందని ముందే తెలుసుకుని వచ్చారు కనుక నారా అన్న పేరున్న మొదటి బండి ఎక్కేస్తారు. జోయో ఎక్కడో తెలియదు కనుక ఆ బండిని వదిలేస్తారు. నిజానికి వదిలేసిన బండి ఇనారిలో ఆగుతుంది, ఎక్కిన బండి ఆగదు. మియాకోజి కైసొకు క్యోటో తర్వాత తోఫుకుజిలో ఆగి, ఇనారిని దాటి, రొకుజిజోలో ఆగుతుంది. ఫుత్సూ మాత్రం జోయో వరకే పోయేదైనా నారా వరకూ పోయేదైనా దారిలో ప్రతి స్టేషనులోనూ ఆగుతుంది.

కాబట్టి వరసలో మొదట చదవాల్సింది బండి రకం. 普通, ఫుత్సూ, మన ప్యాసింజరు బండి లాంటిది. బోర్డు ఇంగ్లీషులోకి మారినప్పుడు లోకల్ అని చూపిస్తుంది. టోక్యో ప్రాంతంలో ఇదే బండికి 各駅停車, కకుఎకి తేషా అనే పేరు ఎక్కువ. 快速, కైసొకు, కొన్ని స్టేషన్లు వదిలేసి పోయే బండి, ఇంగ్లీషులో ర్యాపిడ్. దాని ముందు ఏదైనా చేరితే ఆగే స్టేషన్లు మారతాయి. మియాకోజి కైసొకు, ఒక భాగంలో మాత్రమే స్టేషన్లు వదిలేసే 区間快速 అనే కుకాన్ కైసొకు, ఒసాకా, క్యోటో, కోబేల మధ్య పరుగెత్తే 新快速 అనే షిన్ కైసొకు, ఇవన్నీ ఆ కుటుంబమే. ఈ కైసొకులన్నీ మామూలు టికెట్టుతోనే ఎక్కవచ్చు, అదనపు రుసుము లేదు. నేర్చుకోవాల్సిన నియమం చిన్నదే. మీరు దిగాల్సింది చిన్న స్టేషనైతే 快 అనే అక్షరం కనిపించిన ప్రతిచోటా ఆగి, ఆ బండి ఎక్కడెక్కడ ఆగుతుందో చూసుకోవాలి.

చూసుకోవడానికి రెండు చోట్లున్నాయి. ఒకటి ప్లాట్‌ఫారం మీద అతికించిన స్టేషన్ల పటం. అందులో ఒక్కో రకం బండికి ఒక్కో రంగు గీత, ఆగే స్టేషను దగ్గర చుక్క, ఆగని చోట ఖాళీ గీత. రెండోది టైం టేబుల్ కాగితం. దాన్ని చదివే పద్ధతి కొత్తగా ఉంటుంది. ఎడమవైపు నిలువుగా గంటలు, ప్రతి గంటకు ఎదురుగా నిమిషాలు వరసగా ఉంటాయి. 14 ఎదురుగా 05, 20, 35 ఉంటే రెండు గంటల అయిదు, ఇరవై, ముప్ఫై అయిదు నిమిషాలకు బళ్ళున్నాయని అర్థం. నిమిషం అంకె రంగు బండి రకాన్ని చెబుతుంది, అంకె మీదున్న చిన్న అక్షరం చివరి స్టేషనుకు గుర్తు. ఏ గుర్తూ లేని అంకెలు ఎక్కడికో అట్టడుగున 無印 అన్న మాట పక్కన రాసి ఉంటుంది. ముజిరుషి అంటే గుర్తు లేనిది. ఇంకో సంగతి, మామూలు రోజులకూ సెలవులకూ వేరువేరు పట్టికలుంటాయి. 平日, హేజిత్సు, సోమవారం నుంచి శుక్రవారం దాకా. 土休日, దొక్యూజిత్సు, శని ఆదివారాలూ ప్రభుత్వ సెలవులూ. శనివారం నాడు హేజిత్సు పట్టిక చూసి నిలబడితే రాని బండి కోసం ఎదురుచూడాల్సి వస్తుంది.

ఎలక్ట్రానిక్ బోర్డు కొన్ని క్షణాల కొకసారి జపనీసు నుంచి ఇంగ్లీషుకూ మళ్ళీ వెనక్కీ మారుతూ ఉంటుంది. మరి జపనీసు అక్షరాలతో పనేమిటని అడగవచ్చు. మెట్లు దిగి పరుగున వచ్చేసరికి బోర్డు జపనీసులో ఉంటే, తలుపులు మూసుకునేలోగా అది ఇంగ్లీషులోకి మారకపోవచ్చు. పైగా టైం టేబుల్ మీది చిన్న గుర్తులు, బోర్డు అడుగున పారుతూ పోయే ప్రకటనలు చాలాచోట్ల జపనీసులోనే ఉంటాయి. 普通, 快速, 特急 అనే మూడు జంటల ఆకారాలు గుర్తుపట్టగలిగితే చాలు. ప్రయాణానికి ముందు ఒక కాగితం మీద చేత్తో రెండు మూడుసార్లు గీసుకుంటే కళ్ళు వాటిని మరచిపోవు. వాటితో పాటు మీరు దిగే ఊరి పేరు, మీరు బస చేసిన ఊరి పేరు కూడా గీసుకోండి. ఇనారి 稲荷, క్యోటో 京都.

బోర్డులో వరసల క్రమం గురించి ఒక మాట. పైవరస పక్కన 先発 అని ఉంటే ముందు బయలుదేరేది, సెంపత్సు. 次発, జిహత్సు, దాని తర్వాతిది. కొన్ని ప్రైవేటు రైల్వేల్లో ఈ మాటలకు బదులు こんど, つぎ అని రాస్తారు. కొందో అన్నది ఇప్పుడు రాబోయే బండి, త్సుగి దాని వెనకది. ముందు బయలుదేరిన బండే ముందు చేరుతుందనుకోవద్దు. ఫుత్సూ బళ్ళు దారిలో ఏదో ఒక స్టేషనులో పక్కకు తప్పుకుని వెనక వచ్చే కైసొకుకు దారి ఇస్తుంటాయి. క్యోటో నుంచి నారాకు మియాకోజి కైసొకు దాదాపు ముప్పావు గంటలో చేరుతుంది, ఫుత్సూలో గంట దాటుతుంది. దూరం వెళ్ళేవాళ్ళకు పనికొచ్చే మాట 先着, సెంచకు. ఏ ఊరి పేరు పక్కన అది కనిపిస్తే ఆ ఊరికి ఈ బండే ముందు చేరుతుందన్నమాట. ఇక వరసలో 通過, త్సూకా అని ఉంటే వచ్చే బండి ఆగకుండా పోతుంది, పసుపు గీత వెనక్కి జరగండి. 回送, కైసో అని ఉంటే ఖాళీ బండి, ఎక్కకూడదు.

పొరపాటున మియాకోజి కైసొకు ఎక్కేశారనుకోండి. తలుపు మీది తెరలో గానీ ప్రకటనలో గానీ కైసొకు అన్న మాట తగిలితే కంగారు పడక్కర్లేదు. మొదటి స్టాపు తోఫుకుజిలో దిగి, అదే ప్లాట్‌ఫారం మీద వెనక వచ్చే ఫుత్సూ ఎక్కితే తర్వాతి స్టేషను ఇనారి. తోఫుకుజి కూడా దాటిపోతే రొకుజిజోలో దిగి, ఎదుటి దిక్కు ప్లాట్‌ఫారానికి మారి, క్యోటో వైపు వెళ్ళే ఫుత్సూ ఎక్కాలి. 京都行 అని ఉంటుంది. చివరి అక్షరం యుకి, ఆ ఊరికి పోయేది అని అర్థం. ఇక్కడా బండి రకం చూడాల్సిందే, కైసొకు ఎక్కితే మళ్ళీ ఇనారి దాటి తోఫుకుజి వచ్చేస్తుంది.

దిగే స్టేషనును గుర్తుపట్టడం మాత్రం తేలిక. ప్లాట్‌ఫారం మీది పేరు బోర్డులో నడుమ ఈ స్టేషను పేరు, కింద రెండు పక్కలా ముందు వెనక స్టేషన్ల పేర్లు జపనీసులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ ఉంటాయి. ఒక సంకేతం కూడా ఉంటుంది. నారా లైనుకు D అక్షరం, గోధుమ రంగు. క్యోటో D01, తోఫుకుజి D02, ఇనారి D03. నోరు తిరగని పేర్ల కంటే ఈ అంకెలు లెక్కపెట్టుకోవడం ఎంతో నయం. ఒసాకా, క్యోటో ప్రాంతంలో జేఆర్ వెస్ట్ కంపెనీ వీటిని 2018 లో మొదలుపెట్టింది.

ఇప్పుడు టికెట్టు. きっぷうりば, కిప్పు ఉరిబా అన్న బోర్డు కింద యంత్రాలు వరసగా ఉంటాయి. కిప్పు అంటే టికెట్టు. క్యోటో స్టేషనులో ముందు చూసుకోవాల్సింది ఆ యంత్రం ఎవరిదన్నది. జేఆర్, కిన్‌తెత్సు అనే ప్రైవేటు రైల్వే, నగర సబ్‌వే మూడూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. ఒకరి యంత్రంలో కొన్న టికెట్టు ఇంకొకరి గేటులో పనిచేయదు. ఇనారికి జేఆర్ టికెట్టు కావాలి. 地下鉄, చికతెత్సు అని ఉంటే అది సబ్‌వే.

యంత్రం ముందు నిలబడ్డాక కొత్తవాళ్ళు ఇనారి అన్న పేరు కోసం తెర అంతా వెతుకుతారు. దగ్గర ప్రయాణాల టికెట్టు అమ్మే పద్ధతి అది కాదు. ఇక్కడ కొనేది ఊరిని కాదు, ఛార్జీని. యంత్రాల పైన గోడ మీద పెద్ద పటం ఉంటుంది. మీరున్న స్టేషను వేరే రంగులో, మిగతా ప్రతి స్టేషను దగ్గరా ఒక అంకె. ఇనారి దగ్గర సుమారు 150 యెన్లు. ఛార్జీలు అప్పుడప్పుడు పెరుగుతుంటాయి కనుక ఆ రోజు పటంలో ఉన్నదే ప్రమాణం. ఆ అంకె చూసుకుని, యంత్రం మీద అదే అంకె ఉన్న మీట నొక్కాలి. అంతే, యంత్రానికి మీరెక్కడికి వెళ్తున్నారో తెలియదు, తెలియనక్కర్లేదు.

చాలా యంత్రాల్లో డబ్బు ముందు వేస్తే, వేసిన డబ్బుకు వచ్చే ఛార్జీల మీటలు వెలుగుతాయి. పది యెన్ల నాణేల నుంచి తీసుకుంటాయి, ఒక యెను, అయిదు యెన్ల నాణేలు మాత్రం వెనక్కి వచ్చేస్తాయి. మనుషుల బొమ్మలున్న మీటలు ఎన్ని టికెట్లన్నది చెప్పడానికి. పిల్లలకు సగం ఛార్జీ, దాని మీట こども, కొదొమో. ఆరేళ్ళ నుంచి పదకొండేళ్ళ దాకా పిల్లలకు అది వర్తిస్తుంది. పొరపాటు మీట నొక్కితే 取消, తొరికెషి నొక్కండి, డబ్బు తిరిగి వస్తుంది. ఏమీ తోచకపోతే 呼出, యొబిదషి అనే మీట ఉంటుంది. అది నొక్కితే స్టేషను ఉద్యోగి యంత్రం పక్కనున్న చిన్న తలుపు తెరిచి తల బయటపెట్టి అడుగుతాడు. ఇది చాలామందికి తెలియని సదుపాయం, మొహమాటం లేకుండా వాడుకోవాలి. తెర ఇంగ్లీషులోకి మార్చే మీట కూడా దాదాపు అన్నిచోట్లా ఉంటుంది, కానీ గోడ మీది పటం చూసే పని దానితో తప్పదు.

చేతికొచ్చిన చిన్న కాగితం మీద క్యోటో పేరు, ఒక బాణం, 150円区間 అని ఉంటుంది. నూట యాభై యెన్ల దూరం అని అర్థం. ఎక్కడికో రాసి లేదేమిటని చాలామంది అనుమానపడి వెనక్కి వెళ్ళి అడుగుతారు. టికెట్టులో తప్పు లేదు. క్యోటో నుంచి 150 యెన్ల పరిధిలో ఉన్న ఏ స్టేషనులోనైనా దిగడానికి అది చెల్లుతుంది. దాని కింద ఇంకో రెండు నిబంధనలు చిన్న అక్షరాల్లో ఉంటాయి. కొన్న రోజే చెల్లుతుందన్నది ఒకటి. 下車前途無効 అన్నది రెండోది. దారిలో దిగి గేటు దాటితే మిగిలిన దూరానికి హక్కు పోతుందని దాని భావం. నారాకు టికెట్టు కొని, దారిలో ఇనారిలో దిగి మందిరం చూసి, అదే టికెట్టుతో నారా పోదామనుకుంటే కుదరదు. ఇనారి గేటు ఆ కాగితాన్ని మింగేస్తుంది. ముందు ఇనారికి కొని, తర్వాత ఇనారి నుంచి నారాకు వేరే కొనాలి.

గేటును 改札口, కైసత్సుగుచి అంటారు. టికెట్టు చీలికలో వేస్తే రంధ్రం పడి అవతలివైపు పైకి వస్తుంది, మరచిపోకుండా తీసుకోవాలి. దిగిన చోట మళ్ళీ అదే కావాలి. కొన్ని గేట్లకు కాగితం వేసే చీలికే ఉండదు, వాటి మీద IC専用 అని ఉంటుంది. అవి కార్డులకు మాత్రమే.

తక్కువ ఛార్జీకి కొని ఎక్కువ దూరం వెళ్ళిపోతే? ఇనారికి 150 యెన్ల టికెట్టు కొని, కైసొకులో ఉజి దాకా వెళ్ళిపోయారనుకోండి. ఉజికి ఛార్జీ సుమారు 240. ఉజి గేటులో ఆ టికెట్టు వేస్తే రెక్కలు మూసుకుని గంట మోగుతుంది. దీన్ని నేరంగా ఎవరూ చూడరు, దానికి పద్ధతే ఉంది. గేటు లోపలివైపున 精算, సేసాన్ అనే అక్షరాలున్న యంత్రం ఉంటుంది. のりこし, నొరికొషి అని కూడా రాసి ఉండవచ్చు. కొన్న దూరం దాటి వచ్చామని దానర్థం. అందులో టికెట్టు వేస్తే తేడా ఎంతో, ఇక్కడైతే 90 యెన్ల దాకా, తెర మీద చూపిస్తుంది. కట్టగానే కొత్త టికెట్టు ఇస్తుంది, దాన్ని గేటులో వేసి బయటపడవచ్చు. జరిమానా లేదు. ఈ ఏర్పాటు వల్లనే చాలామంది జపాను ప్రయాణికులు పటం చదవడం కష్టమైన చోట అన్నిటికంటే తక్కువ టికెట్టు కొని, మిగతాది దిగేచోట సర్దుకుంటారు. సేసాన్ అన్న ఒక్క మాట తెలిస్తే ఛార్జీ గురించిన భయం సగం పోతుంది.

మిగతా సగం కార్డు తీర్చేస్తుంది. జేఆర్ వెస్ట్ అమ్మే ఇకోకా కార్డు ధర 2000 యెన్లు. అందులో 500 డిపాజిట్టు, 1500 ప్రయాణానికి. గేటులోకి వెళ్ళేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి ఆనిస్తే ఛార్జీ దానంతటదే కోతపడుతుంది. నారా దారిలో ఇనారిలో దిగినా బాధ లేదు. డబ్బు నింపడాన్ని チャージ, చాజి అంటారు. చాలా యంత్రాలు దానికి నోట్లే అడుగుతాయి. టోక్యోలో కొన్న సుయికా కార్డు కూడా క్యోటోలో పనిచేస్తుంది. కాని ఒక ప్రాంతంలో ఎక్కి మరో ప్రాంతంలో దిగే దూర ప్రయాణానికి ఈ కార్డులు పనికిరావు. ఇంకా ముఖ్యమైన పరిమితి, ఇవి ప్రయాణ ఛార్జీనే కడతాయి, వేగానికి కట్టాల్సిన అదనపు రుసుమును కట్టవు.

ఆ అదనపు రుసుము దగ్గరే 特急 అన్న మాట వస్తుంది. తొక్క్యూ, ఇంగ్లీషులో లిమిటెడ్ ఎక్స్‌ప్రెస్. జేఆర్‌లో తొక్క్యూ అని ఉన్న ఏ బండికైనా రెండు టికెట్లు కావాలి. దూరానికి 乗車券, జోషాకెన్. వేగానికి 特急券, తొక్క్యూకెన్. షింకాన్‌సెన్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది. రెండు కాగితాలు విడిగా ఇస్తే గేటులో రెంటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకేసారి వేయాలి. ఒకటే వేసి గేటు మూసుకుపోయిందని నిలబడిపోయేవాళ్ళు షింకాన్‌సెన్ గేట్ల దగ్గర ప్రతిరోజూ కనిపిస్తారు. తొక్క్యూకెన్ మీద 発 అక్షరం పక్కనున్నది బయలుదేరే సమయం, 着 పక్కనున్నది చేరే సమయం. 7号車12番E席 అని ఉంటే ఏడో పెట్టె, పన్నెండో వరస, ఇ సీటు. 指定席, షితేసెకి అంటే ఆ సీటు మీదే. 自由席, జియూసెకి అంటే సీటు నంబరు ఉండదు, ఆ పేరున్న పెట్టెల్లో ఖాళీ ఉన్నచోట కూర్చోవాలి. 全車指定席 అని బోర్డులో కనిపిస్తే బండి మొత్తం రిజర్వు పెట్టెలే, జియూసెకి టికెట్టుతో కూర్చోవడానికి చోటుండదు.

ప్రైవేటు రైల్వేల్లో ఈ మాట అర్థం కంపెనీని బట్టి మారుతుంది. కిన్‌తెత్సు తొక్క్యూకు అదనపు టికెట్టు కావాలి, దాని కింది మెట్టు 急行, క్యూకోకు అక్కర్లేదు. హన్‌క్యూ, కేహాన్ రైల్వేల్లో తొక్క్యూ మామూలు టికెట్టుతోనే ఎక్కవచ్చు, ప్రత్యేక పెట్టెలకు మాత్రం అదనం. మన ఇనారి దగ్గరే కేహాన్ వారి ఫుషిమి ఇనారి స్టేషను ఉంది. అక్కడ క్యూకో ఆగుతుంది, తొక్క్యూ మామూలుగా ఆగదు. గియోన్ వైపు నుంచి వచ్చేవాళ్ళు అదనపు డబ్బు అడగలేదు కదా అని తొక్క్యూ ఎక్కితే జేఆర్ కైసొకులో జరిగినదే జరుగుతుంది.

పెట్టె నంబరు సీటు కోసం మాత్రమే కాదు. కాన్సాయ్ విమానాశ్రయానికి వెళ్ళే కాన్‌కూ కైసొకు ఎక్కేవాళ్ళు దీన్ని తప్పక చూడాలి. ఒసాకా నుంచి ఎనిమిది పెట్టెలతో బయలుదేరే ఆ బండి హినెనో స్టేషనులో రెండుగా విడిపోతుంది. 1 నుంచి 4 దాకా 号車, అంటే గోషా, విమానాశ్రయానికి. 5 నుంచి 8 వకయామా అనే ఊరికి. బోర్డు మీద 関西空港・和歌山 అని రెండు పేర్లూ పక్కపక్కన ఉంటే అది విడిపోయే బండి. మొదటి పేరు విమానాశ్రయం. సరైన బండిలో తప్పు పెట్టె ఎక్కడమంటే ఇదే. విమానం సమయం దగ్గరపడ్డ మనిషికి ఇంతకంటే ఖరీదైన పొరపాటు లేదు. పెట్టె లోపల తలుపు మీది తెరలో ఆ పెట్టె ఎక్కడికి పోతుందో ఉంటుంది. హినెనో రాకముందు దాన్ని ఒకసారి చదివితే, పెట్టె మారడానికి వ్యవధి ఉంటుంది.

అన్నీ సరిగ్గా చదివినా ఒక్కోరోజు బళ్ళే మాట తప్పుతాయి. తుఫాను, భూకంపం, పట్టాల మీద ప్రమాదం ఏదైనా కావచ్చు. అప్పుడు బోర్డు మీద సమయం పక్కన 遅れ約10分 లాంటిది వస్తుంది. ఒకురె ఆలస్యం, యకు సుమారు. పది నిమిషాలు ఆలస్యమన్నమాట. 運休, ఉన్‌క్యూ అంటే ఆ బండి రద్దు, తర్వాతి వరస చూసుకోవాలి. 運転見合わせ, ఉన్‌తెన్ మియవసె అని పారితే లైను మొత్తం ఆగిపోయింది, ఎప్పుడు తెరుస్తారో ఆ పక్కనే ఒక సమయం వస్తుంది. ఆ సమయం గంట పైన ఉంటే ప్లాట్‌ఫారం మీద నిలబడకుండా గేటు దగ్గరి ఉద్యోగికి టికెట్టు చూపించండి. క్యోటో నుంచి ఇనారికైతే కేహాన్ లైను ఉంది, తోఫుకుజిలో రెండు లైన్లూ ఒకే చోట కలుస్తాయి, నడిచినా ఎక్కువ దూరం కాదు.